263 ఎంబీ ఫోల్డర్, 18 జీబీ ఖాళీ. అయినా పెన్‌డ్రైవ్‌ల జాగ లేదంటున్నది

కాంటా_మిర్యాలగూడ
రైస్‌మిల్లు ధర్మకాంటా సిస్టమ్‌ల ఒక్కో లోడుకు ఒక టెక్స్ట్ ఫైల్ పడతది. బండి నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు, తేమ, టైము, గంతే. ప్రతి ఫైల్ 1,450 నుంచి 1,520 బైట్ల మధ్యనే ఉంటది. రోజుకొక ఫోల్డర్. 2023 ఏప్రిల్ నుంచి 902 ఫోల్డర్లు, దగ్గర దగ్గర 1,84,000 ఫైళ్లు అయినయి.

ఆడిటర్‌కు ఇయ్యాలని 64 జీబీ పెన్‌డ్రైవ్‌కు కాపీ పెట్టిన. అందుల ఇంతకు ముందే 40 జీబీ సీసీ కెమెరా వీడియోలు ఉన్నయి, 18.0 జీబీ ఖాళీ చూపెడుతున్నది. డీ డ్రైవ్‌ల ఉన్న అసలు ఫోల్డర్ ప్రాపర్టీస్‌ల సైజ్ 263 ఎంబీ, సైజ్ ఆన్ డిస్క్ 719 ఎంబీ. రెండిట్ల ఏది నిజమైనా 18 జీబీల ఓ మూలకు పట్టాలె కదా. రాత్రి పెట్టి పోయిన. పొద్దున వచ్చి చూస్తే జాగ సరిపోలేదని ఆగి ఉన్నది. పెన్‌డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది. ఏడికి పోయింది 18 జీబీ?

చిట్యాల_చిప్
డూప్లికేట్ మాల్. పైన 64 అని అచ్చేసి లోపల 42 పెట్టి ఉంటరు. ఎంతకు తీసుకున్నవో చెప్తే అసలుదో కాదో చెప్తా.

కాంటా_మిర్యాలగూడ
బిల్లుతోని తీసుకున్నదే. వీడియోలు 55 జీబీ దాకా నింపి వెనక్కి తీసి చూసిన దినాలు ఉన్నయి, అన్నీ మంచిగనే ఆడినయి.

నైట్‌షిఫ్ట్_సాగర్
వైరస్ ఉంటది. దాచిపెట్టిన ఫైళ్లు కనపడేటట్టు పెట్టి చూడు.

దేవరకొండ_డిస్క్
వైరస్ కాదు, డూప్లికేట్ అంతకన్నా కాదు. పెన్‌డ్రైవ్‌ల కాపీ అయిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడు. నాలుగు అంకెలు కావాలె: ఫైళ్లు ఎన్ని, ఫోల్డర్లు ఎన్ని, సైజ్ ఎంత, సైజ్ ఆన్ డిస్క్ ఎంత. తర్వాత డ్రైవ్ ప్రాపర్టీస్‌ల ఫైల్ సిస్టమ్ ఏముందో చూడు.

నువ్వు చెప్పకముందే నా లెక్క చెప్తున్న. ఎక్స్‌ఫాట్ అయి ఉంటది, ఫైళ్లు 1,47,000 దగ్గర ఆగి ఉంటయి.

కాంటా_మిర్యాలగూడ
ఫైళ్లు 1,46,902. ఫోల్డర్లు 720. సైజ్ 210 ఎంబీ. సైజ్ ఆన్ డిస్క్ 17.9 జీబీ!! ఎక్స్‌ఫాటే.
అన్నా, ఇది లెక్కనా, జాతకమా?

దేవరకొండ_డిస్క్
పిల్లల లెక్కే. 32 జీబీ దాటిన డ్రైవ్‌ను విండోస్‌ల ఎక్స్‌ఫాట్‌కు ఫార్మాట్ కొట్టి, అలోకేషన్ యూనిట్ డిఫాల్ట్ మీద వదిలేస్తే ఒక్కో క్లస్టర్ 128 కేబీ అయితది. డ్రైవ్ జాగ మొత్తాన్ని ఆ ముక్కలుగ కోసి పెట్టుకుంటది. ఒక ముక్క ఒక్క ఫైల్‌కే ఇస్తది. మిగిలిన జాగల ఇంకో ఫైల్‌ను కూసోబెట్టదు.

నీ ఖాళీ 18 జీబీ, అంటే 18 × 1024 × 1024 కేబీ. దాన్ని 128తోని భాగిస్తే 1,47,456 వచ్చింది. పెన్‌డ్రైవ్‌ల మిగిలినయి అన్ని ముక్కలే. నీ ఫైల్ ఒకటిన్నర కేబీ అయినా, 128 కేబీ అయినా ఒక ముక్క పోవుడే. గంతమంది ఎక్కినంక బస్సు నిండింది.

మీ మిల్లు భాషల చెప్పాలంటే, యాభై కిలోల సంచిల అర్ధకిలో పైన ఇంత బియ్యం పోసి మూతి కుట్టి గోదాంల పెడుతున్నవు. 1,500 బైట్లను 131072తోని భాగిస్తే సరిగ్గ అంతే వస్తది. గోదాం నిండిందంటే బియ్యం ఎక్కువయి కాదు, సంచులు ఎక్కువయి.

చిట్యాల_చిప్
ఓకే, డూప్లికేట్ మాట వాపస్ తీసుకుంటున్న 😄

గద్వాల్_గీత
అంకె కొంచెం తేడా ఉంది కదా. 1,47,456 ముక్కలుంటే 1,46,902 ఫైళ్లకే ఎందుకు ఆగింది?

దేవరకొండ_డిస్క్
మంచిగ పట్టుకున్నరు. ఫోల్డర్ కూడా జాగ తింటది. లోపలి ఫైళ్ల పేర్ల జాబితా రాసుకోవాలె కదా, దానికి తక్కువల తక్కువ ఒక క్లస్టర్ కావాలె. 1,46,902కు 720 కలిపితే 1,47,622. అంటే 18.02 జీబీ, తెర మీద 18.0 అనే చూపిస్తది. లెక్క సరిపోయింది.

ఎక్స్‌ఫాట్‌ల చిన్న పేరున్న ఫైల్‌కు జాబితాల 96 బైట్లు పడతది. రోజుకు 204 ఫైళ్లంటే 20 కేబీ లోపే. ఆ 20 కేబీ జాబితాకు కూడా 128 కేబీ సంచే.

కోదాడ_కేబుల్
ఇక్కడ ఏదో తేడా కొడుతోంది. ఫైల్‌కు సగటున సగం క్లస్టర్ వృథా అవుతుందని ఎక్కడైనా అదే లెక్క చెబుతారు. సగమంటే 64 కేబీ. 1,84,000 ఫైళ్లకు 11.2 జీబీ. అసలు డేటా కలిపినా పదకొండున్నరే. 18 జీబీలో పట్టాలి మరి. పెన్‌డ్రైవ్ ఫైల్ సిస్టమ్ పాడై ఉంటుంది, chkdsk కొట్టు.

దేవరకొండ_డిస్క్
సగం లెక్క తప్పు కాదు, ఇక్కడికి రాదు. పెద్ద ఫైల్ చాలా క్లస్టర్లను పూర్తిగ నింపుకుంటూ పోయి, చివరి ఒక్కదాంట్ల ఎక్కడో ఆగుతది. ఎక్కడ ఆగుతదనేది ఫైల్‌ను బట్టి ఉంటది, అందుకే సగటు సగం. ఇక్కడ ఫైల్ మొత్తం కలిపినా మొదటి క్లస్టర్‌ల నూటికి ఒకటింబావు వంతు కూడా లేదు. ఒక్కో ఫైల్‌కు 126.5 కేబీ వృథా. సగం అని పట్టుకుంటే దాదాపు సగానికి సగం తక్కువ అంచనా వేసినట్టే.

పూర్తిగ కాపీ కావాలంటే 1,84,000 × 128 కేబీ, అంటే 22.5 జీబీ కావాలె. 263 ఎంబీ సరుకుకు.

chkdsk మాత్రం కొట్టు, రిపేర్‌కు కాదు, క్లస్టర్ ఎంతున్నదో చూసుకునేటందుకు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గ తెరిచి:

```
chkdsk E:
```

`/f` పెట్టకుంటే అది చదువుడే తప్ప దేన్నీ ముట్టుకోదు. చివర్ల `131072 bytes in each allocation unit` అనే లైన్ వస్తది. అదే సంచి సైజు.

కాంటా_మిర్యాలగూడ
కొట్టిన. 131072 అనే వచ్చింది. ఎర్రర్లు ఏం లెవ్వు.

పాలమూరు_లెన్స్
అమ్మో, అయితే నా మెమరీ కార్డులన్నీ ఇట్లనే దండుగ అయితున్నయా? స్టూడియోల 128 జీబీ కార్డు, ఎక్స్‌ఫాటే. ఒక పెండ్లికి మూడు వేల ఫొటోలు పడతయి. ఇప్పుడే అన్నీ 4 కేబీకి ఫార్మాట్ కొడతా.

దేవరకొండ_డిస్క్
ఆగు తమ్మీ, కొట్టకు. నీ ఫొటో ఒకటి ఎంతుంటది? 7 ఎంబీ అనుకుందాం. దానికి సగటున 64 కేబీ వృథా, నూటికి ఒకటి కూడా కాదు. కోదాడ అన్న చెప్పిన సగం లెక్క అచ్చం నీ కార్డు కోసమే పుట్టింది. మూడు వేల ఫొటోలకు కలిపి 190 ఎంబీ దగ్గర పోతది, అంటే ఇరవై ముప్పై ఫొటోల జాగ.

ఇంకోటి, కెమెరా కార్డును కెమెరాలనే ఫార్మాట్ చెయ్యాలె. ఆ కార్డుల ప్రమాణమే 64, 128 జీబీకి 128 కేబీ క్లస్టర్ అనుకుని పెట్టింది. 4 కేబీకి మారిస్తే కొన్ని కెమెరాలు తీసుకోవు, తీసుకున్నా వీడియో రాసేటప్పుడు తడబడొచ్చు.

పాలమూరు_లెన్స్
హమ్మయ్య. మరి ఎడిటింగ్ చేసినప్పుడు ఒక్కో రా ఫైల్ పక్కన చిన్న ఎక్స్‌ఎంపీ ఫైల్ పడతది కదా, పది కేబీ లోపే. అవి 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కుల ఉన్నయి, అదీ ఎక్స్‌ఫాటే. నలభై వేలు ఉండొచ్చు.

గద్వాల్_గీత
నలభై వేలు × 128 కేబీ, 4.9 జీబీ. రెండు టీబీలో ఐదు జీబీ పోతే ఏం పోయింది. వదిలేయండి.

పాలమూరు_లెన్స్
వదిలేసిన.

సర్వర్_సూర్యాపేట
ఇంత చర్చ ఎందుకో అర్థం కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఫార్మాట్ కొట్టండి. 16 టీబీ దాకా డిఫాల్ట్ క్లస్టర్ 4 కేబీయే. ఆయన డీ డ్రైవ్‌లో 719 ఎంబీ చూపిస్తోంది కదా, 1,84,000 × 4 కేబీ అంతే. పెన్‌డ్రైవ్‌లో కూడా అంతే అవుతుంది. సమస్య క్లోజ్.

కాంటా_మిర్యాలగూడ
ఫార్మాట్ కొడితే 40 జీబీ వీడియోలు పోతయి సార్. ఇంకోటి, ఈ పెన్‌డ్రైవ్‌ను నెలకోసారి సీసీ కెమెరా డబ్బాకు పెట్టి వీడియోలు తీస్త. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవది, ఇంతకు ముందు పెట్టి చూసిన.

సర్వర్_సూర్యాపేట
వీడియోలు సిస్టమ్‌లోకి తీసి ఫార్మాట్ చేసి మళ్లీ వేసుకోవాలి, గంట పని. డబ్బా చదవకపోతే ఎక్స్‌ఫాట్‌నే చిన్న క్లస్టర్‌తో కొట్టండి:

```
format E: /FS:exFAT /A:4096 /Q
```

లేదా ఫార్మాట్ బాక్స్‌లో అలోకేషన్ యూనిట్ దగ్గర 4096 ఎంచుకోండి. అదే 719 ఎంబీలో పట్టేస్తుంది.

దేవరకొండ_డిస్క్
పడతది, కాదనను. కానీ ఆ పెన్‌డ్రైవ్ ముఖ్యంగ వీడియోలకు వాడుతున్నరు. 128 కేబీ క్లస్టర్‌తోని 58 జీబీకి నాలుగు లక్షల డెబ్భై అయిదు వేల ముక్కలు. ఏ ముక్క తర్వాత ఏ ముక్కనో రాసుకునే పట్టికల ఒక్కో ముక్కకు 4 బైట్లు, మొత్తం 2 ఎంబీ లోపు. 4 కేబీ చేస్తే కోటీ యాభై రెండు లక్షల ముక్కలయితయి, పట్టిక 60 ఎంబీ దగ్గరికి పోతది. డ్రైవ్ నిండే కొద్దీ ఖాళీ ముక్క వెతుక్కునుడు ఎక్కువయితది. సీసీ కెమెరా డబ్బాలల్ల ఉండే చిన్న ప్రాసెసర్లకు అది మంచిది కాదు.

సర్వర్_సూర్యాపేట
60 ఎంబీ పట్టిక ఈ కాలంలో పెద్ద విషయమా? పైగా ఫైల్ వరుసగా ఒకేచోట పడితే ఎక్స్‌ఫాట్ ఆ పట్టిక చూడనే చూడదు. కాగితం మీద భయపడటం తప్ప, మీరు చెప్పే నెమ్మది నిజంగా కనిపిస్తుందని నేననుకోను.

దేవరకొండ_డిస్క్
వరుసగ పడితే చూడదు, నిజమే. వీడియోలు తీసుడు, చెరుపుడు నడుస్తుంటే ఎన్నాళ్లు వరుసగ ఉంటయి? సరే, డబ్బాను బట్టి ఉంటదనుకుందాం. నేనైతే ఒక్కసారి ఆడిటర్‌కు ఇచ్చే పనికోసం ఆ పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌ను ముట్టుకోను.

గద్వాల్_గీత
వేరే అనుమానం. నా సిస్టమ్‌లో 400 బైట్ల నోట్ ఫైల్ ఒకటి ఉంది. సైజ్ ఆన్ డిస్క్ సున్నా బైట్లు అని చూపిస్తోంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో కనీసం 4 కేబీ పోవాలి కదా. సున్నా ఎట్లా?

నైట్‌షిఫ్ట్_సాగర్
బాకీ పెట్టి ఉంటది.

దేవరకొండ_డిస్క్
ఎన్‌టీఎఫ్‌ఎస్ ప్రతి ఫైల్‌కు ఒక రికార్డు రాసుకుంటది, మామూలుగ 1 కేబీ. పేరు, తేదీలు, పర్మిషన్లు అందుల ఉంటయి. అవి పోను మిగిలిన జాగల ఫైల్‌ల ఉన్న సరుకు పట్టిందంటే, అందులనే పెట్టేస్తది. వేరే క్లస్టర్ ఇయ్యదు. దాదాపు 700 బైట్ల లోపు ఫైళ్లకు ఇట్ల అయితది. క్లస్టర్ ఇయ్యలేదు కాబట్టి సైజ్ ఆన్ డిస్క్ సున్నా.

అంటే ఊరికే వచ్చిందని కాదు. ఆ 1 కేబీ రికార్డు సైజ్ ఆన్ డిస్క్‌ల చూపెట్టరు, అంతే. కాంటా తమ్ముని ఫైళ్లు 1,500 బైట్లు కాబట్టి రికార్డుల పట్టవు, 4 కేబీ క్లస్టర్ తీసుకుంటయి. దానికి తోడు రికార్డు వేరే. 1,84,000 రికార్డులంటే ఇంకో 180 ఎంబీ. సూర్యాపేట సార్ చెప్పిన 719 అసలుకు 900 ఎంబీ అయితది.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. మీ 400 బైట్ల ఫైల్‌ను అతని పెన్‌డ్రైవ్‌కు కాపీ కొట్టండి. సున్నా నుంచి ఒక్కసారే 128 కేబీ అయితది.

గద్వాల్_గీత
చూశా. నా పెన్‌డ్రైవ్ 32 జీబీది, ఫ్యాట్32. అక్కడ 16 కేబీ చూపిస్తోంది.

దేవరకొండ_డిస్క్
కరెక్టే. 16 నుంచి 32 జీబీ మధ్య ఫ్యాట్32కు విండోస్ పెట్టేది 16 కేబీ. కాంటా తమ్ముడు ఆ చిన్న పెన్‌డ్రైవ్‌కు కాపీ కొట్టి ఉంటే 2.8 జీబీల అయిపోవు. పెద్ద పెన్‌డ్రైవ్ కొన్నందుకు ఎక్కువ జాగ తిన్నది.

చిట్యాల_చిప్
ఇల్లు పెద్దదైతే చుట్టాలు ఎక్కువైనట్టు.

కోదాడ_కేబుల్
నా 126.5 కేబీ పాఠం ఒప్పుకున్నా. ఇంకో దారి చెబుతా, ఇది కూడా కొట్టేయకండి. డీ డ్రైవ్ ప్రాపర్టీస్‌లో డ్రైవ్‌ను కంప్రెస్ చేసే టిక్ ఉంటుంది. అది పెట్టి కాపీ చేస్తే చిన్నగా అవ్వవా?

సర్వర్_సూర్యాపేట
అవ్వవు. ఆ కంప్రెషన్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ది, పెన్‌డ్రైవ్‌కు కాపీ అవుతుంటేనే విప్పేసి రాస్తుంది. డీ డ్రైవ్‌లో ఉన్నచోట కూడా లాభం లేదు. ఇప్పటికే ఒక్క క్లస్టర్‌లో ఉన్న ఫైల్ ఎంత నొక్కినా ఒక్క క్లస్టరే.

కోదాడ_కేబుల్
ఇవాళ నా దినం కాదు.

కాంటా_మిర్యాలగూడ
మరి నేనేం చెయ్యాలె? ఆడిటర్‌కు ఒక్కో చీటీ విడివిడిగ తెరిచి చూసేటట్టు ఉండాలె. అన్నీ కలిపి ఒక్క టెక్స్ట్ ఫైల్ చేస్తే ఒప్పుకోడు.

దేవరకొండ_డిస్క్
సంచులు తగ్గించాలె. చీటీలన్నిటినీ మూటలు కట్టు. ఒక మూటకు ఒక ఫైల్ అయితే, వృథా అయ్యేది మూటల లెక్కన, చీటీల లెక్కన కాదు.

మూట కట్టే రకాన్ని చూసి ఎంచుకో. విండోస్ 10ల `tar` ఉన్నది. కానీ టార్ ఊరికే కడితే అది కూడా సంచుల తమాషానే చేస్తది, సంచి 512 బైట్లు అంతే తేడా. ఒక్కో ఫైల్‌కు ముందు 512 బైట్ల తలకట్టు, తర్వాత సరుకును 512ల లెక్కకు పెంచి రాస్తది. నీ 1,500 బైట్లు 1,536 అయితది, తలకట్టుతోని 2,048. మొత్తం 359 ఎంబీ. సరుకు కన్నా మూట పెద్దది.

దాన్నే నొక్కి `.tar.gz` చేస్తే మస్తు చిన్నగయితది, ఎందుకంటే నీ చీటీలన్నీ ఒక్క తీరువే, అంకెలే మారుతయి. కానీ మొత్తం ఒక్క దారంతోని అల్లినట్టు ఉంటది. నడుమ ఒక్క చోట పాడైతే అక్కడినుంచి వెనకది తీసుడు కష్టం. నడుమల ఉన్న ఒక్క చీటీ కావాలన్నా మొదటినుంచి విప్పుకుంటూ పోవాలె.

జిప్‌ల ప్రతి ఫైల్‌ను విడిగ నొక్కుతది. టార్‌జీజెడ్ అంత చిన్నగ కాదు, కానీ ఒకటి పాడైనా పక్కది మంచిగుంటది. మూట విప్పకుండనే డబుల్ క్లిక్ కొట్టి చీటీ చూడొచ్చు. ఆడిటర్ పనికి జిప్పే మేలు.

సర్వర్_సూర్యాపేట
దీన్ని ఒప్పుకుంటా. ఒక్క జిప్‌లో 1,84,000 మాత్రం పెట్టొద్దు. పాత జిప్ పద్ధతిలో ఒక మూటకు 65,535 ఫైళ్లే హద్దు. కొత్త సాఫ్ట్‌వేర్లు దాటేస్తాయి గానీ, ఆడిటర్ దగ్గర ఏముందో తెలియదు కదా. నెలకొకటి చేయండి.

దేవరకొండ_డిస్క్
నెలకొకటి అంటే ముప్పై మూటలు, ఒక్కోదాంట్ల ఆరు వేల చీటీలు. సెవెన్‌జిప్ ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌ల ఇట్ల. ఫోల్డర్ల పేర్లు `2023-04-01` తీరుగ ఉన్నయనుకుంటున్న:

```
set PATH=%PATH%;C:\Program Files\7-Zip
for %m in (2023-04 2023-05 2023-06) do 7z a E:\kanta-%m.zip D:\kanta\%m-*
```

బ్రాకెట్ల తక్కిన నెలలు కూడా రాసుకో. దానికి ముందు పెన్‌డ్రైవ్‌ల సగం పడ్డ ఫోల్డర్‌ను తీసెయ్. చెరుపుడుకు కూడా టైము పడతది, ఒక్కో పేరు కొట్టేసుకుంటూ పోవాలె కదా. నడుమల గుంజకు.

కాంటా_మిర్యాలగూడ
పేర్లు గట్లనే ఉన్నయి. ఈ రెండు లైన్లు ఒక బ్యాట్ ఫైల్‌ల పెట్టి డబుల్ క్లిక్ కొట్టిన. నల్ల కిటికీ వచ్చి రెప్పపాటుల పోయింది. ఏం కాలే.

గద్వాల్_గీత
బ్యాట్ ఫైల్‌లో పెడితే `%m` బదులు రెండు చోట్లా, మొత్తం మూడు చోట్ల `%%m` రాయాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో నేరుగా కొడితేనే ఒక్క గుర్తు. చివర్లో `pause` అని ఒక లైన్ వేసుకోండి, కిటికీ మూసుకోకుండా ఎర్రర్ చదువుకోవచ్చు.

చిట్యాల_చిప్
రెండు చోట్లా మొత్తం మూడు చోట్లా? 🤔

గద్వాల్_గీత
రెండు మాట మర్చిపోండి. మూడు చోట్ల.

కాంటా_మిర్యాలగూడ
అయింది! రాత్రంతా పట్టిన పని చాయ్ తాగి వచ్చేలోపల అయింది. ముప్పై జిప్‌లు. సైజ్ 126 ఎంబీ, సైజ్ ఆన్ డిస్క్ 128 ఎంబీ. రెండు అంకెలు ఇంత దగ్గరగ ఉండుడు ఈ పెన్‌డ్రైవ్‌ల మొదటిసారి చూస్తున్న.

కోదాడ_కేబుల్
ముప్పై ఫైళ్లు × 64 కేబీ, 1.9 ఎంబీ. తేడా రెండు ఎంబీ. చూశారా, నా సగం లెక్క ఇప్పుడు సరిపోయింది 😎

దేవరకొండ_డిస్క్
సరిపోయింది అన్నా. మూట ఒకటి నాలుగు ఎంబీ పైన అయింది, ఇప్పుడది పెద్ద ఫైల్ కిందికి వచ్చింది.

కాంటా తమ్మీ, ఇచ్చే ముందర ఒక్కసారి పరీక్ష పెట్టు. పెన్‌డ్రైవ్ తీసి మళ్ల పెట్టి:

```
7z t E:\kanta-2023-04.zip
```

`Everything is Ok` అని రావాలె. కింద ఫైళ్ల లెక్క చూపిస్తది, దాన్ని డీ డ్రైవ్‌ల ఆ నెల లెక్కతోని సరిచూసుకో.

నైట్‌షిఫ్ట్_సాగర్
నాకింకా అర్థం కాంది ఒకటే. సైజ్ అంతా కలిపి 210 ఎంబీయే కదా కాపీ అయింది. రాత్రంతా ఎందుకు పట్టింది? ఇదే పెన్‌డ్రైవ్‌కు 4 జీబీ వీడియో కొన్ని నిమిషాల్ల పోతది.

సర్వర్_సూర్యాపేట
సరుకు రాయడం కన్నా ఖాతా రాయడం ఎక్కువ కాబట్టి. ప్రతి చీటీకి ఫోల్డర్ జాబితాలో పేరు రాయాలి, ఖాళీ ముక్కల పటంలో ఒకటి నిండిందని గుర్తు పెట్టాలి, సరుకు రాయాలి, మళ్లీ జాబితాకు వచ్చి సైజు, తేదీ సరిచేయాలి. పెద్ద వీడియోకు ఈ తంతు ఒక్కసారే. ఇక్కడ లక్షన్నర సార్లు. పెన్‌డ్రైవ్‌లు వరుసగా రాయడంలో చురుకే, ఇట్లా అక్కడింత ఇక్కడింత రాయమంటే నీరసపడతాయి. మధ్యలో యాంటీవైరస్ ప్రతి ఫైల్‌నూ తెరిచి చూస్తే అదో ఆలస్యం.

లైనక్స్ వాడేవాళ్లు ఎవరైనా ఉంటే ఇవే రెండు అంకెలు ఇట్లా చూడొచ్చు:

```
du -sh --apparent-size kanta
du -sh kanta
```

మొదటిది ఫైల్ సైజు, రెండోది డిస్క్ మీద తినేది. రెండో దాంట్లో ఫోల్డర్లు తినేది కూడా కలుస్తుంది. విండోస్ ప్రాపర్టీస్‌లో అది కలవదు. అందుకే ఆయనకు 18.02 బదులు 17.9 కనబడింది.

పాలమూరు_లెన్స్
సాఫ్ట్‌వేర్ రాసినాయన మొదట్నే లోడుకొక ఫైల్ బదులు డేటాబేస్‌ల పెట్టి ఉంటే ఈ పంచాయతీ ఉండకపోవు కదా?

దేవరకొండ_డిస్క్
ఉండకపోవు. కానీ కాంటా కాడ కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు. విడి ఫైల్ అయితే పోయేది ఆ ఒక్క చీటీయే. అది రాసినాయన తెల్వక రాసిండో, తెలిసే రాసిండో చెప్పలేం. డీ డ్రైవ్‌ల 900 ఎంబీ తింటే ఎవనికీ నొప్పి లేదు, పెన్‌డ్రైవ్‌కు వచ్చేసరికే బయటపడ్డది.

సర్వర్_సూర్యాపేట
మంచి డేటాబేస్ కరెంటు పోయినా నిలబడుతుంది. దీని మీద వేరే చర్చ పెట్టండి, ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.

కాంటా_మిర్యాలగూడ
ముప్పై జిప్‌లు పరీక్ష పెట్టిన, అన్నీ ఓకే, లెక్క కలిసింది. పెన్‌డ్రైవ్ ఆడిటర్ ఆఫీసుకు పంపిన.

కాంటా_మిర్యాలగూడ
ఆడిటర్ ఆఫీసు నుంచి ఇప్పుడే ఫోన్. జాగ సరిపోతలేదంట.

దేవరకొండ_డిస్క్
జిప్‌లు ఎక్కడ విప్పిండో అడుగు.

కాంటా_మిర్యాలగూడ
అడిగిన. పెన్‌డ్రైవ్‌లనే. అన్నీ ఎంచుకుని ఎక్స్‌ట్రాక్ట్ కొట్టిండంట.

చిట్యాల_చిప్
1,46,000 దగ్గర ఆగిందా?

కాంటా_మిర్యాలగూడ
1,45,880.

గద్వాల్_గీత
ముప్పై జిప్‌లు వెయ్యి చిల్లర ముక్కలు ముందే తీసుకున్నాయి కదా, అందుకే ఈసారి ఆ వెయ్యి తక్కువ. సీ డ్రైవ్‌లో విప్పుకోమనండి.